బాపు ఫేర్‌వెల్ ఫ్రేమ్

ఈ నెలతో సింగరేణిలో బాపు డ్యూటీ అయిపోతోంది. మందమర్రిలో జరిగే ఫేర్‌వెల్‌కు 12×18 అంగుళాల కొలాజ్ చేశాను. 300 డీపీఐలో వెడల్పు 3600 పిక్సెళ్లు. రెండు అంచులకు 120 చొప్పున, ఫొటోల మధ్య 60 చొప్పున వదిలితే, వరుసకు మూడు గళ్లు, ఒక్కోటి 1080.

గ్రూప్ ఫొటోను కోయబుద్ధి కాలేదు. చివర నిలబడ్డ కాకా పోతాడు మరి! దానికి రెండు గళ్లు ఇచ్చా. వెడల్పు 2160 కాదు, 2220. మధ్యలోని 60 కూడా కలపకపోతే కింది వరుసతో అంచు కలవదు.

పాత ఆల్బమ్ ఫొటోలు పసుపు, ఫోన్‌వి నీలం. తెల్ల చొక్కా, తెల్ల గోడ అన్నింట్లో ఒకేలా కనిపించేదాకా రంగు సరిచేశాను. గని నుంచి బయటికొచ్చినప్పటి ఫొటోలో మాత్రం ముఖానికి బ్రైట్‌నెస్ పెంచలేదు. మసి పోతే దోస్తులే బాపును గుర్తుపట్టరు.