మా వీధి గదిలో బ్యాంకు

బెంగుళూరు నుంచి పెద్దనాన్నగారి మనవరాలు ఫోన్ చేసి, "అత్తా, మన చిన్నోడు ఊళ్లో బ్యాంకు పెట్టాడట, నిజమేనా?" అని అడిగింది. ఆ ప్రశ్న వేసింది తనొక్కర్తే కాదు కాబట్టి అందరికీ ఇక్కడే చెప్పేస్తున్నాను. పెట్టింది బ్యాంకు కాదు, బ్యాంకు తరపున నడిపే కౌంటరు. మా అన్నయ్య కొడుకు, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, గుణుపురానికి ఇరవై కిలోమీటర్ల పైన ఉన్న మన ఊళ్లో, తాతగారి ధాన్యం కొట్టు ఉండే వీధి గదిలో కూర్చుంటున్నాడు. ఒక లాప్‌టాప్, వేలిముద్ర మిషను, చీటీలు కొట్టే చిన్న ప్రింటరు, ఒక సొరుగు. సామానంతా అంతే.

మొదట్లో మొబైల్ రీఛార్జీలే చేసేవాడు. ఇప్పుడు ఫోనున్న ప్రతివాడూ తనే చేసుకుంటున్నాడు, అందులో మిగిలేదేమీ లేదు. సూరత్ నుంచీ హైదరాబాదు నుంచీ మగపిల్లలు పంపే డబ్బు కూడా నేరుగా ఖాతాలో పడిపోతోంది. పడిన డబ్బుని నోట్లుగా చేతికి తీసుకోవడమే ఇక్కడ కష్టం. బ్యాంకు గుణుపురంలో ఉంది. వెళ్లి రావడానికి ఆటో ఖర్చు, ఒక రోజు కూలి రెండూ పోతాయి. అందుకే ఆధారు నంబరు చెప్పి, వేలు పెట్టి, మనవాడి దగ్గరే తీసుకుంటారు.

బయటనుంచి చూస్తే ఇది తేలిక పని. లోపల ఒక లెక్క ఉంది, అది అర్థమైతే ఈ వ్యాపారం మొత్తం అర్థమైనట్టే. చిన్నోడి పెట్టుబడి లక్ష రూపాయలు. అది రెండు చోట్ల ఉంటుంది: కొంత సొరుగులో నోట్లుగా, కొంత బ్యాంకులో అతని ఖాతాలో. ఎవరైనా ఐదు వేలు తీసుకుంటే వాళ్ల ఖాతాలోంచి ఐదు వేలు ఇతని ఖాతాలోకి వస్తాయి, ఇతను సొరుగులోంచి నోట్లిస్తాడు. ఎవరైనా డబ్బు వేస్తే దానికి తిరగబడి జరుగుతుంది. మొత్తం ఎప్పుడూ లక్షే. సొరుగు నిండితే ఖాతా ఎండుతుంది, ఖాతా నిండితే సొరుగు ఎండుతుంది.

సుభద్ర యోజన డబ్బు పడిన రోజు చూడాలి. ఒడిశా ప్రభుత్వం 2024 సెప్టెంబరులో మొదలెట్టిన పథకం అది. ఆడవాళ్లకి ఏడాదికి పదివేలు, ఐదేసి వేలు రెండు విడతలుగా. మొన్న విడత పడిన మర్నాడు నేను ఊళ్లోనే ఉన్నాను. ఎనిమిది గంటలకే మన అరుగు మీద, మెట్ల మీద ఆడవాళ్లు. సవర గూడేల నుంచి చీకటితో బయల్దేరి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. పొద్దున సొరుగులో అరవై వేలు, ఖాతాలో నలభై వేలు ఉన్నాయి. పన్నెండు మందికి ఐదేసి వేలు ఇచ్చేసరికి సొరుగు ఖాళీ. ఖాతాలో లక్ష ఉంది, ఏం లాభం? పదమూడో మనిషి వేలు చాపి నిలబడి ఉంది.

ఇక్కడే కుర్రాడి గుణం తెలుస్తుంది. వేలు పెట్టించుకుని, చీటీ ఇచ్చి, "డబ్బు సాయంత్రం ఇస్తాను" అనొచ్చు. అలా చేసేవాళ్లున్నారు. మనవాడు సొరుగులో నోట్లు లేకపోతే వేలు పెట్టించుకోడు. వాళ్ల ఖాతాలోంచి డబ్బు కదిలిందంటే ఆ నిమిషానే చేతిలో పడాలి అంటాడు. గుణుపురం పరిగెత్తి బ్యాంకులో తెచ్చుకుంటే మధ్యాహ్నం మూడవుతుంది, పైగా బండి మీద అంత నగదుతో రావడం వదినకి ప్రాణ సంకటం. అందుకని ముందురోజే మూడు కొట్లవాళ్లతో మాట్లాడి ఉంచాడు. వాళ్లు మామూలుగా రాత్రి వేసే డబ్బుని ఆ రోజు పదకొండింటికే తెచ్చి తలా పదివేలు వేశారు. సొరుగులోకి ముప్ఫై వేలు వచ్చాయి, ఖాతా డెబ్బైకి దిగింది. ఇంకో ఆరుగురికి సరిపోయింది. మిగిలినవాళ్లకి రేపు రమ్మని వరస నంబర్లు రాసిచ్చాడు. తిట్టుకుంటూనే వెళ్లారు.

వేలిముద్ర పడకపోవడం రోజూ ఉండే గొడవే. జీడిపిక్కలు కొట్టేవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. గోరువెచ్చని నీళ్లతో కడిగించి, తుడిపించి, ఒక వేలు కాకపోతే ఇంకో వేలు పెట్టిస్తాడు. ఆధారులో పది వేళ్లూ ఉన్నాయి కదా. అది ఓపిక సంగతి. అసలు భయం వేరే ఉంది.

ఆ రోజే ఒకావిడ వేలు పెట్టింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి Transaction timed out అని వచ్చింది. "మళ్లీ పెట్టనా బాబూ?" అంది. మనవాడు ఆపేశాడు. ముందు తన ఖాతా చూసుకున్నాడు, ఐదు వేలు రాలేదు. తర్వాత ఆవిడ ఖాతాలో నిలవ చూడాలి. కానీ నిలవ చూడాలన్నా వేలు పెట్టాల్సిందే! "మళ్లీ పెడితే ఇంకోసారి పోతాయి" అని ఆవిడ చెయ్యి కొంగులో దాచేసుకుంది. లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పి చూపించాడు: డబ్బు తీసేటప్పుడు ఎంత అని అంకె వెయ్యాలి, నిలవ చూసేటప్పుడు ఆ గడే ఉండదు. పక్కనున్న స్వయం సహాయక సంఘం అమ్మాయి చదివి చెప్పాక వేలు పెట్టింది. నిలవ 212 రూపాయలు. పొద్దున 5,212 ఉండాలి. డబ్బు ఆవిడ ఖాతాలోంచి పోయింది, ఇతని ఖాతాకి చేరలేదు.

మళ్లీ నొక్కి ఉంటే? ఈసారి నిలవ చాలక తప్పిపోయేది. ఎక్కువ డబ్బున్న మనిషైతే రెండుసార్లు పోయేది.

సాయంత్రం ఆవిడ మొగుడు వచ్చి వీధిలో నిలబడి అరిచాడు, "మీ తాత పేరు చెప్పి తింటున్నావా" అని. మా తాతగారు అదే గదిలో ఊరి జనం డబ్బు దాచిపెట్టేవారు. సగం లెక్క కాగితం మీద కూడా ఉండేది కాదు, ఇంటి పేరే రసీదు. ఆ మాటకి అన్నయ్య లోపల్నుంచి లేచి, "నా దగ్గరున్నవి ఇచ్చేస్తానురా, వదిలెయ్" అన్నాడు. చిన్నోడు ఒప్పుకోలేదు. "ఇవాళ ఇస్తే నేను తీసినట్టే అవుతుంది నాన్నా. రేపు ప్రతివాడూ అలాగే అడుగుతాడు" అన్నాడు. ఆ మొగుడిని లోపల కూర్చోబెట్టి, తన ఖాతాలో ఆ వేళకి ఏ జమా పడలేదని చూపించి, చీటీ మీదున్న పన్నెండంకెల ఆర్ఆర్ఎన్ నంబరుకి గీత గీసి చేతికిచ్చాడు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇలా ఇరుక్కున్న డబ్బు లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపల వెనక్కి వెయ్యాలి. దాటితే రోజుకి వంద రూపాయలు పరిహారం. చీటీ లేకపోతే ఏ నంబరు పెట్టి అడుగుతారు? అందుకే "ఫెయిలైపోయింది, వెళ్లిపో" అని చీటీ ఇవ్వకుండా పంపేవాడి దగ్గర వేలు పెట్టొద్దని మన పనమ్మాయికి కూడా చెప్పాను.

మూడో రోజు ఆవిడ ఖాతాలో డబ్బు తిరిగొచ్చింది. మొగుడు రాలేదు, ఆవిడే వచ్చి తీసుకుని, రెండు పనస తొనలు అరుగు మీద పెట్టి వెళ్లింది.

ఇంతా చేసి పదివేలు ఇస్తే చిన్నోడికి మిగిలేది పది, పన్నెండు రూపాయలు. జనం దగ్గర పైన తీసుకోకూడదు. చుట్టుపక్కల కౌంటర్లలో ఇరవై, ముప్ఫై పట్టుకునే ఇస్తున్నారని అందరికీ తెలుసు. మా వదిన, "వీడు విశాఖపట్నం పోయి ఏ కంపెనీలోనో చేరితే ఇంతకి రెట్టింపు వస్తుంది" అని నాతో గొణిగింది. ఆవిడ అన్నది అబద్ధం కాదు. నేనేమీ అనలేదు.

ఇరుక్కున్న లావాదేవీలకి వేరే నోటుబుక్కు పెట్టాడు. తారీఖు, పేరు, ఎంత, ఆ నంబరు, ఏ వేళ, తిరిగొచ్చిందా అని గీతలు కొట్టాడు. తాతగారి పాత ఖాతా పుస్తకం పక్కనే ఉంటుంది అది. నేను బయల్దేరే నాటికి అందులో పదకొండు పేర్లున్నాయి. పదింటి పక్కన టిక్కు పడింది. పదకొండోది నాలుగో రోజులో ఉంది.