డాలర్‌కూ తరుగు ఉంటుంది



కువైట్ దినార్ రేటు మన ఇళ్లలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఈ రోజు ఎంతుంది, నిన్నెంత, ఏ ఎక్స్చేంజ్‌లో పది పైసలు ఎక్కువిస్తారు అనే హిసాబ్ అమ్మీలు వంటింట్లో నిలబడే చెప్పేస్తారు. ఇప్పుడు మన పిల్లల్లో కొందరు గల్ఫ్‌కు పోకుండానే డాలర్లు సంపాయిస్తున్నారు. వెబ్‌సైట్లు చేసేవాళ్లున్నారు, డిజైన్లు వేసేవాళ్లున్నారు, తర్జుమాలు చేసేవాళ్లున్నారు. ఆ డాలర్ దగ్గరికొచ్చేసరికి ఇంట్లో ఎవరికీ హిసాబ్ తెలియదు. ఎంత పడితే అంతే అని సబర్ చేసుకుంటున్నారు.

మా భాంజా పులివెందులలో ఉంటాడు. అమెరికాలోని ఒక చిన్న కంపెనీకి వెబ్‌సైట్ పని చేసి 500 డాలర్ల ఇన్వాయిస్ పంపాడు. గూగుల్‌లో రేటు చూసి ఇంట్లో ఒక లెక్క చెప్పాడు. అకౌంట్‌లో పడింది మూడు వేలు తక్కువ. "మామూ, ఫీజు ఇంత ఉంటుందా?" అని అడిగాడు. ఫీజు అంత ఉండదు. ఫీజు పేరు పెట్టుకోకుండా పోయే డబ్బు వేరే ఉంటుంది. ప్రొద్దుటూరు వాళ్లకు అది చెప్పడం సులువు. బంగారం అంగడిలో మజూరీ వేరు, తరుగు వేరు. మజూరీ బిల్లులో కనిపిస్తుంది కాబట్టి దాని మీద బేరమాడతాం. తరుగు దగ్గర నోరు మూసుకుంటాం. డాలర్‌లో ఫీజు మజూరీ అయితే, రేటులో తగ్గించి ఇచ్చేది తరుగు.

లెక్క సులువుగా ఉండడానికి అసలు మార్కెట్ రేటు 85 రూపాయలు అనుకుందాం. 500 డాలర్లకు 42,500 రూపాయలు రావాలి.

మొదటి దారి పేపాల్. ఈ కంపెనీ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది. బయటి దేశాల నుంచి వచ్చేవి మాత్రం నడుస్తున్నాయి. ఫీజు 4.4 శాతం, పైన 30 సెంట్లు. అంటే 22 డాలర్ల 30 సెంట్లు. ఇది మజూరీ. మిగిలిన 477.70 డాలర్లను రూపాయలు చేసేటప్పుడు మార్కెట్ కంటే సుమారు మూడు శాతం తక్కువ రేటు కట్టారనుకుంటే డాలర్ 82.45 అవుతుంది. ఇది తరుగు. చేతికి వచ్చేది 39,386. మన అకౌంట్లలో డబ్బు ఆగదు, రోజూ దానంతటదే బ్యాంకుకు పోతుంది. మంచి రేటు వచ్చేదాకా ఆగుదాం అనుకోవడానికి లేదు.

రెండో దారి బ్యాంకు నుంచి బ్యాంకుకు స్విఫ్ట్ ద్వారా. అక్కడి బ్యాంకుకూ మన బ్యాంకుకూ మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటుంది. అది 20 డాలర్లు కోసుకుందనుకుందాం. మన బ్యాంకు డాలర్‌కు రూపాయి తగ్గించి 84 కట్టింది, 300 చార్జీ, దాని మీద 54 జీఎస్టీ. డబ్బు మార్చినందుకు ఇంకో జీఎస్టీ ఉంటుంది. లక్ష లోపు అయితే మొత్తంలో ఒక శాతాన్ని విలువగా తీసుకుని, దాని మీద 18 శాతం వేస్తారు. ఇక్కడ అది 73 రూపాయలు. చేతికి 39,893.

మూడో దారి వైజ్‌లాంటివి. పంపే మనిషి అక్కడి నుంచే మన బ్యాంకు అకౌంట్‌కు రూపాయల్లో పంపుతాడు. రేటు మార్కెట్ రేటే కడతారు, ఫీజు వేరుగా కనిపిస్తుంది. 8 డాలర్లు ఫీజు అనుకుంటే 41,820 వస్తుంది. కాకపోతే ఈ దారి క్లయింట్ ఒప్పుకుంటేనే. అతని లెక్కల విభాగం మాకు బ్యాంకు ట్రాన్స్‌ఫరే అలవాటు అంటే మన చేతిలో ఏమీ లేదు.

ఇన్ని అంకెలు గుర్తు పెట్టుకోనక్కరలేదు. ఒక్క భాగహారం చాలు. అకౌంట్‌లో పడిన రూపాయలను ఇన్వాయిస్‌లోని డాలర్లతో భాగించండి. పై మూడింటికీ వరుసగా 78.77, 79.79, 83.64 వస్తాయి. అసలు మీ రేటు అదే. "జీరో ఫీజు" అని ఎవరైనా చెప్పినా ఈ భాగహారం ముందు తరుగు దాగదు.

మొత్తం పెద్దదైతే తేడా పెరుగుతుంది. బ్యాంకు దారిలో మధ్యలో కోసుకునే 20 డాలర్లూ, 300 చార్జీ 500కూ అవే, 2,000కూ అవే. 2,000 డాలర్లు ఒకేసారి వస్తే బ్యాంకు దారిలో పోయేది రెండున్నర శాతం. శాతంగా కోసుకునే దారిలో ఎంత పెద్ద మొత్తమైనా ఏడు శాతం పైనే పోతుంది. కాబట్టి నెలకు నాలుగు చిన్న ఇన్వాయిస్‌లు పెట్టేవాళ్లు ఒకటిగా కలిపితే బ్యాంకు దారిలో అరవై డాలర్లు మిగులుతాయి.

ఇక ఆలస్యం. జమ్మలమడుగులాంటి ఊళ్లలో ప్రతి బ్రాంచికీ విదేశీ మారకం చేసే అధికారం ఉండదు. కాగితాలు పెద్ద ఆఫీసుకు పోవాలి. ఈ డబ్బు దేనికి వచ్చింది అని వాళ్లు అడిగిన మెయిల్‌కు మనం జవాబిచ్చేదాకా డబ్బు అక్కడే ఆగుతుంది. పైగా రేటు మార్చిన రోజుది కడతారు, వచ్చిన రోజుది కాదు. రెండో శనివారం, ఆదివారం కలిస్తే ఇంకో రెండు రోజులు. వారం దాటితే క్లయింట్‌ను స్విఫ్ట్ చెల్లింపు కాపీ అడగండి. అది అక్కడి బ్యాంకు ఇచ్చే రసీదు. అందులోని UETR నంబరుతో డబ్బు ఏ బ్యాంకులో ఆగిందో మన బ్యాంకు వెతకగలదు. చార్జీల గడిలో OUR ఉంటే చార్జీలన్నీ పంపినవాడివి, SHA ఉంటే పంచుకున్నారు, BEN ఉంటే అన్నీ మీ మీదే. పంపమన్న మొత్తం, ముందుకు పోయిన మొత్తం వేరువేరుగా ఉంటాయి. ఆ రెంటికీ తేడా ఉంటే కోత ఆ బ్యాంకు దగ్గరే పడిందని అర్థం.

మా భాంజా సంగతిలో ఇంకొకటి తేలింది. బ్రాంచిలో అతని డబ్బును P1301 కోడ్ కింద రాసేశారు. అది బయట ఉన్నవాళ్లు ఇంటి ఖర్చుకు పంపే డబ్బు కోడ్. ముస్లిం పేరు, కడప జిల్లా, బయటి దేశం నుంచి డబ్బు. చూసినవాడు గల్ఫ్ నుంచి అబ్బా పంపాడనుకున్నాడు. అబ్బా అయితే పులివెందులలోనే కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ పనికి P0802 లాంటి కోడ్ పడాలి. ఇది చిన్న విషయం కాదు. రేపు ఇన్‌కమ్ టాక్స్‌లో గానీ, లోన్‌కు పోయినప్పుడు గానీ, జీఎస్టీలో ఎగుమతి అని చూపించేటప్పుడు గానీ ఇది నా మెహనత్ అని చెప్పే సాక్ష్యం ఆ కోడే. అతను ఇన్వాయిస్, కాంట్రాక్టు మెయిల్ పట్టుకుపోయి రాతపూర్వకంగా అడిగితే మార్చారు. ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఇచ్చే ఎఫ్ఐఆర్ఏ అనే కాగితం కూడా అడిగి దాచుకోవాలి. కోడ్ అందులోనే కనిపిస్తుంది.

హుండీలో పంపిస్తే రేటు పూర్తిగా వస్తుంది కదా అని మన వీధుల్లో ఒక మాట ఉంది. వస్తుంది. కానీ 1999 నాటి ఫెమా చట్టం ప్రకారం అది చట్టవిరుద్ధం. పైగా కాగితం లేని డబ్బు చూపించి ఏ పిల్లవాడూ నేను ఐదేళ్లుగా పని చేస్తున్నానని రుజువు చేసుకోలేడు.

ఈ నెల భాంజా కొత్త ఇన్వాయిస్ పంపాడు. కింద రెండు వాక్యాలు చేర్చాడు. చార్జీలు OUR, చేసిన పని వెబ్‌సైట్ తయారీ. ఆ పక్కనే నోట్‌బుక్‌లో వాళ్ల అమ్మీ తారీఖు, డాలర్లు, రూపాయలు, భాగహారం అని నాలుగు గళ్లు గీసింది. దినార్ హిసాబ్ తెలిసిన చేయి కదా, డాలర్‌కు ఎక్కువసేపు పట్టలేదు.