ఐదు గంటల లెక్క

మా ఆడపడుచు ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చింది. ఐదు గంటల్లో ముగించాలని పట్టుదల. పోయినసారి మొదటి పది కిలోమీటర్లు ఉత్సాహంగా పరిగెత్తి, ముప్పై దాటాక నడవాల్సి వచ్చిందట. మొన్న చీరాల వచ్చి, తెల్లారకుండానే వాడరేవు రోడ్డు మీద పరిగెత్తి వచ్చి, "వదినా, ఏ బోర్డు దగ్గరికి ఎన్ని నిమిషాల్లో చేరాలో రాసిపెట్టవూ" అంది.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. ఐదు గంటలంటే 300 నిమిషాలు. భాగిస్తే క్యాలిక్యులేటర్‌లో 7.11 వస్తుంది. దీన్ని 7 నిమిషాల 11 సెకన్లని చదవకూడదు. చుక్క తర్వాత ఉన్నది నిమిషంలో భాగం. ఆ 0.11ని 60తో గుణిస్తే ఆరున్నర సెకన్లు. అంటే కిలోమీటరుకి సుమారు 7 నిమిషాల 6 సెకన్లు. అదే 7:11 చొప్పున పరిగెత్తితే ఐదు గంటలు దాటి మూడు నిమిషాలవుతుంది.

అయితే 7:06 చొప్పున వెళ్తే అసలు వెసులుబాటే ఉండదు. నీళ్ల టేబుల్ దగ్గర ఆగాలి. మలుపుల్లో దగ్గరి దారే దొరకదు కాబట్టి కాళ్లు నడిచే దూరం కొంచెం ఎక్కువే అవుతుంది. అందుకే కిలోమీటరుకి సరిగ్గా 7 నిమిషాలు పెట్టాను. మొత్తం 4 గంటల 55 నిమిషాలు. దాదాపు ఐదు నిమిషాలు చేతిలో ఉంటాయి. ఇలా రాసిచ్చాను:

10 కిలోమీటర్లు: 1:10
సగం దూరం: 2:28
30 కిలోమీటర్లు: 3:30
40 కిలోమీటర్లు: 4:40
చివర: 4:55

ఈ టైములు తుపాకీ పేలినప్పటి నుంచి కాదు, తను గీత దాటినప్పటి నుంచి లెక్క. జనంలో గీత దాటడానికే కొన్ని నిమిషాలు పట్టొచ్చు. చేతి వాచీ చెప్పే కిలోమీటరుని కాక, రోడ్డు పక్క బోర్డునే నమ్మాలి. వాచీ దూరాన్ని తరచూ కాస్త ఎక్కువ చూపిస్తుంది.

హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎక్కాలి, దిగాలి. ఎక్కేటప్పుడు ఒక కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు పట్టినా కంగారు పడక్కర్లేదు. పది కిలోమీటర్లకోసారి చూసుకుంటే చాలు.

"పదో కిలోమీటరుకి మూడు నిమిషాలు ఆలస్యమైతే?" అంది. లెక్క వేసి చూపించాను. 300లో 73 తీసేస్తే 227 నిమిషాలు, మిగిలిన దూరం 32.195. కిలోమీటరుకి 7:03 పడుతుంది. అంటే పరుగు పెంచాల్సిన పనే లేదు, అనుకున్న ఏడు నిమిషాలే పట్టుకుంటే చాలు. అదే మూడు నిమిషాలు ముందుగా చేరితేనే భయపడాలి. కిలోమీటరుకి 18 సెకన్లు ఎక్కువ వేగంతో వచ్చిందన్నమాట. ఆ అప్పుని ముప్పై దాటాక కాళ్లు తీర్చాలి.

కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటూ, "అయితే మొదటి పదీ నన్ను నేను ఆపుకోవాలన్నమాట" అంది.