కుక్కర్ రబ్బరు కొనేముందు కుక్కర్ ఎవరిదో తెలుసుకోండి

స్టీలు సామాన్ల షాపుకి వెళ్లి "కుక్కర్ రబ్బరు ఇవ్వండి" అంటే అతను అడిగే మొదటి మాట "ఎన్ని లీటర్లండీ?" అని. మనం "అయిదు" అంటాం. మేకుకి వేలాడుతున్న రింగుల్లోంచి ఒకటి తీసి చేతిలో పెడతాడు. ఇంటికొచ్చి పెడితే ఒక్కోసారి మూత తిరగదు. ఒక్కోసారి తిరిగినా అంచు చుట్టూ బుస్సుమని ఆవిరి పోతూనే ఉంటుంది. లీటర్లు అనేవి కుక్కర్లో ఎంత పడుతుందో చెబుతాయి గానీ, నోరు ఎంత వెడల్పో చెప్పవు. ఒకే అయిదు లీటర్లు పొడుగ్గా సన్నగానూ చేస్తారు, పొట్టిగా వెడల్పుగానూ చేస్తారు. మరోవైపు, నోరు ఒకటే అయి లోతు మాత్రమే మారిన మూడు నాలుగు సైజులకి ఒకే రింగు సరిపోతుంది. అందుకే రబ్బరు కొనాలంటే లీటర్లతో పాటు అది ఏ కంపెనీది, ఏ రకం మూత, నోరు ఎంత అన్న మూడూ తెలియాలి.

మా ఇంట్లో ఈ మూడూ తెలియని కుక్కర్ ఒకటుంది. మా అత్తయ్యగారిది. చిట్టీ పాడిన డబ్బుతో ఆవిడ సొంతంగా కొనుక్కున్న మొదటి వస్తువు. పిడి మీద స్టిక్కర్ ఎప్పుడో పోయింది. రెండు నెలలుగా పప్పు పెడితే విజిల్ రాకుండా అంచు చుట్టూ నీళ్లు కారుతున్నాయి. మావారు "కొత్తది కొనేద్దాం, అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు ఏదైనా అయితే?" అన్నారు. అత్తయ్య మాత్రం "రబ్బరు పోతే కుక్కర్ పారేస్తారా? నేనుండగా దాన్ని పాత సామాన్లవాడికి వెయ్యొద్దమ్మా" అన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు, మేమిద్దరం లేనప్పుడు వంట ఆవిడదే. కాబట్టి దీన్ని ఉంచాలంటే "ఏదో పట్టే రబ్బరు" దొరికితే చాలదు, దానిదే దొరకాలి. దొరక్కపోతే తీసెయ్యాల్సిందే అని అనుకున్నాం.

ముందుగా అందరూ చూసేది విజిల్ మీద పేరు. మా దాని మీద ఒక కంపెనీ పేరు చక్కగా చెక్కి ఉంది. మావారు ఆ పేరు చెప్పే రబ్బరు తెచ్చారు, అది పట్టలేదు. కారణం ఏమిటంటే విజిల్ చేత్తో ఊడొచ్చే వస్తువు. పోతే ఎక్కడో కొంటాం, రిపేరు చేసే ఆయన తన దగ్గరున్నది తగిలిస్తాడు. పిడి కూడా అంతే, రెండు స్క్రూలు విప్పితే మారిపోతుంది. మూత అయినా ఒకే ఇంట్లో రెండు కుక్కర్లుంటే తారుమారవుతుంది. మారనిది గిన్నె ఒక్కటే. అందుకని గుర్తులు చదివేటప్పుడు నేను పెట్టుకున్న వరుస ఇది: ముందు గిన్నె అడుగు, తర్వాత మూత మీద రేకులోనే కొట్టిన అక్షరాలు, తర్వాత పిడి, చివరగా విజిల్. పై మాట, కింది మాట కలవకపోతే గిన్నె చెప్పిందే నమ్మాలి.

మా గిన్నె అడుగంతా మసి. స్టీలు పీచుతో గట్టిగా రుద్దొద్దు, పాత అల్యూమినియం మీద అక్షరాలు పైపైనే ఉంటాయి, అవీ పోతాయి. చింతపండు నీళ్లలో కాసేపు నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిచాను. ఆరాక కొంచెం బియ్యప్పిండి చల్లి, వేలితో రాసి, పైపైన తుడిచేశాను. గుంటల్లో పిండి నిలిచి అక్షరాలు తెల్లగా పైకొచ్చాయి. లైటు ఆర్పేసి సెల్‌ఫోన్ టార్చిని పక్కనుంచి, అడుక్కి దాదాపు ఆనించి పట్టుకుంటే ఇంకా స్పష్టంగా కనిపించాయి. ఫొటో తీసి పెద్దది చేసి చదివితే సరి.

కనిపించినవి మూడు. ఒకటి, 5 లీటర్లు అన్న అంకె. రెండు, ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పైన IS 2347 అని. అది మన దేశంలో ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్లకున్న ప్రమాణం నంబరు, అన్ని కంపెనీలకీ ఒకటే. కాబట్టి దానివల్ల కంపెనీ తెలియదు. మూడోది, గుర్తు కింద CM/L అని మొదలయ్యే నంబరు. మనకి పనికొచ్చేది ఇదే. అది ఫలానా కంపెనీకి ఇచ్చిన లైసెన్సు నంబరు. సెల్‌ఫోన్‌లో BIS Care అనే ప్రభుత్వ యాప్ ఉంది. అందులో లైసెన్సు వివరాలు సరిచూసే చోట ఈ నంబరు కొడితే ఆ లైసెన్సు ఎవరిదో, ఏ ఊరిదో వస్తుంది. మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియక రెండు రకాలుగా కొట్టి చూశాను. ఒకదానికి కుక్కర్లతో సంబంధం లేని ఎవరో వచ్చారు, రెండోదానికి కుక్కర్ల కంపెనీ పేరు వచ్చింది. విజిల్ మీదున్న పేరు అది కాదు! పేరు చదివి వినిపిస్తే అత్తయ్య మొహం వెలిగిపోయింది. "ఆఁ, అదే! షాపాయన ఆ పేరే చెప్పాడు" అన్నారు.

మీ కుక్కర్ మీద ఈ గుర్తు లేకపోతే మూత లోపలి వైపు కూడా చూడండి. అక్కడా లేకపోతే ఆ కుక్కర్ వంశం తెలియనట్టే.

ఇక మూత రకం. మూత గిన్నె మీద కూర్చుని, తిప్పితే రెండు పిడులూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేది బయటి మూత. మూతని పక్కకి వంచి గిన్నె లోపలికి దించి, పైకి లాగి పిడికి తగిలించేది లోపలి మూత. హాకిన్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది లోపలి మూత, ప్రెస్టీజ్ అనగానే బయటి మూత. కానీ రెండు రకాలూ చేసే కంపెనీలు ఉన్నాయి కాబట్టి పేరుతో పాటు మూత రకం కూడా చెప్పాలి. రింగు కూర్చునే తీరు కూడా వేరు. బయటి మూతలో రింగు మూత అంచు లోపలున్న గాడిలో ఉంటుంది. లోపలి మూతకైతే మూత చుట్టూ తొడిగి ఉంటుంది.

కొలత పాత రబ్బరుతో తీసుకోవద్దు. వాడిన రబ్బరు నూనె తగిలి ఉబ్బుతుంది, సాగుతుంది, గట్టిపడుతుంది. లోహాన్నే కొలవాలి. మాది బయటి మూత కాబట్టి రబ్బరు తీసేసి, గాడి ఈ చివరి నుంచి ఆ చివరికి టేపు పెట్టి మూడు వైపుల నుంచి కొలిచాను. మూడుసార్లూ 22 సెంటీమీటర్లే వచ్చింది. ఒక వైపు తగ్గి ఉంటే మూత వంగిందని అర్థం. లోపలి మూత అచ్చమైన గుండ్రంగా ఉండదు, అడ్డంగా కొలిస్తే మోసపోతాం. రింగు కూర్చునే చోట చుట్టూ దారం తిప్పి, ఆ దారం పొడవు కొలిచి 3.14తో భాగించాలి. దారం 60 సెంటీమీటర్లు వస్తే రింగు లోపలి వెడల్పు దాదాపు 19.

కొలత అయ్యాక పాత రబ్బరుని కత్తితో ఒకచోట అడ్డంగా కోశాను. కోసిన ముఖం చూస్తే మందం ఎంతో, అంచు ఏ ఆకారంలో ఉందో తెలుస్తుంది. దాని ఫొటో, అడుగు ఫొటో, మూత ఫొటో, 22 అన్న కొలత, ఇవన్నీ కంపెనీ సర్వీసు వాళ్లకి పంపాను. అయిదు లీటర్లలో వాళ్లకి రెండు మోడళ్లున్నాయట. కొలత చూసి ఏదో చెప్పారు, దాని రింగు ఇంకా వస్తోందన్నారు. రబ్బరు రింగులకీ వేరే ప్రమాణం ఉంది, IS 7466. వచ్చిన కవరు మీద అది చూసుకున్నాను.

రింగుతో పాటు విజిల్ కూడా వాళ్లదే తెప్పించాను. ఎందుకంటే, కుక్కర్లో ఒత్తిడి ఎంత దాకా పెరగాలో విజిల్ బరువు, అది కూర్చునే గొట్టం రంధ్రం రెండూ కలిసి నిర్ణయిస్తాయి. ఒకరి బరువు ఇంకొకరి గొట్టం మీద పెడితే ఒత్తిడి ఉండాల్సినదానికంటే ఎక్కువ కావచ్చు, తక్కువా కావచ్చు. మూత మీదుండే సేఫ్టీ వాల్వుకీ ఇదే సూత్రం. దాని మీద పేరు గిన్నె మీది పేరుతో కలవకపోతే అదీ మార్చాలి. మాకు అదీ మార్చారు.

కొత్త రింగు పెట్టాక ముందు వంట చెయ్యలేదు. ఉత్త నీళ్లు, మూడు గ్లాసులు పోసి పెద్ద మంట మీద పెట్టాను. మూత తిప్పేటప్పుడు కాస్త బిగువు తెలియాలి, కానీ ఒంటి చేత్తో తిరగాలి. రెండు చేతులూ పెట్టి నెట్టాల్సి వస్తే రింగు మందం ఎక్కువ, అసలు బిగువే లేకపోతే పలచన. మొదట్లో అంచు దగ్గర రెండు చుక్కలు వచ్చి ఆగిపోతే ఫరవాలేదు. విజిల్ లేచేదాకా ఆవిరి అంచునుంచే పోతుంటే అది సరైన రింగు కాదు, లేదా గిన్నె అంచు సొట్ట పడింది. గిన్నెని బోర్లించి గ్రానైట్ గట్టు మీద పెట్టి చూడండి. ఊగితే తప్పు రబ్బరుది కాదు, ఏ రబ్బరూ దాన్ని కాపాడలేదు. మాది ఊగలేదు, విజిల్ చక్కగా లేచింది.

ఇంకొక్క మాట. వదులుగా ఉన్న రబ్బరు కింద దారం చుట్టడం, పాత రబ్బరు ముక్క పెట్టడం కొందరు చేస్తారు. కొన్ని బయటి మూతల అంచున చిన్న కిటికీలా ఒక చీలిక ఉంటుంది. అది విరిగింది కాదు. గొట్టంలో పప్పు అడ్డుపడి ఒత్తిడి మరీ పెరిగితే రబ్బరు ఆ చీలికలోంచి బయటికి ఉబ్బి, ఆవిరిని పక్కకి వదిలేస్తుంది. అంటే ఆ కుక్కర్‌కి రబ్బరు కూడా ఒక రక్షణే. మందం ఎక్కువైన రింగు, దారం చుట్టిన రింగు అక్కడ ఉబ్బలేవు. అత్తయ్యకి ఆ చీలిక చూపించి, దాన్ని గోడవైపు తిప్పి పెట్టుకోమని చెప్పాను.

ఇప్పుడు మా అలమారా తలుపు లోపల ఒక చీటీ అంటించి ఉంది. కంపెనీ పేరు, మోడలు, 5 లీటర్లు, బయటి మూత, గాడి 22 సెంటీమీటర్లు, రబ్బరు పెట్టిన నెల. ఈసారి షాపుకి ఎవరు వెళ్లినా ఆ చీటీ ఫొటో తీసుకునే వెళ్తారు.