మచ్చ పోతుంది, విషం పోదు

బ్రెడ్డు ముక్క మూలన పచ్చటి బూజు కనిపిస్తే అంతమేరకు గిల్లి పారేసి, మిగతాది పెనం మీద కాల్చుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. కానీ కంటికి కనిపించే ఆ పచ్చటి పొడి బూజు తాలూకు బీజాలు. అవి బయటపడే సరికే వెంట్రుక కంటే సన్నటి పోగులు మెత్తటి రొట్టె లోపలికి పాకి ఉంటాయి.

పోగుల కంటే ప్రమాదం కొన్ని బూజులు విడిచే విషం. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిరపలపై పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం ఆఫ్లాటాక్సిన్లను తయారు చేస్తుంది. వంటింటి వేడికి బూజు చస్తుంది, విషం మాత్రం చాలావరకు మిగిలిపోతుంది.

అదెంత పని చేయగలదో 1974 చివర్లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాంస్వాడా జిల్లాల్లో తేలింది. అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్నను సరిగా ఆరబెట్టకుండానే నిల్వ చేశారు. వేరే తిండి లేని గిరిజన కుటుంబాలు ఆ గింజలనే వారాల తరబడి తిన్నాయి. కామెర్లొచ్చాయి, కడుపులో నీరు చేరింది. 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించారు. అదే తిండి తిన్న కుక్కలూ చచ్చాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆ గింజలను పరీక్షించారు. కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల విషం బయటపడింది. రోజుకు 350 గ్రాములు తిన్న మనిషి ఒంట్లోకి 2 నుంచి 5 మిల్లీగ్రాములు చేరినట్టు లెక్క. తృణధాన్యాల్లో ఇప్పుడు అనుమతిస్తున్నది కిలోకు 15 మైక్రోగ్రాములే. అంటే ఆ గింజల్లో అంతకు కనీసం 400 రెట్లు ఎక్కువ.

ఇళ్లలో ఆ స్థాయి అరుదు. ప్రతి బూజూ విషం చిమ్మదు, పొరపాటున తిన్న ఒక్క ముక్క కాలేయాన్ని పాడుచేయదు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి లోపలికి చేరినప్పుడే కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఏ బూజు ఎలాంటిదో చూసి చెప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు.

వేరుశనగలో విషం అన్ని గింజల్లోనూ సమానంగా ఉండదు. ముడుతలు పడినవి, నల్లబడినవి, చేదెక్కినవి ముందే ఏరేయాలి. పచ్చడి రుబ్బాక ఏరడానికేమీ ఉండదు. ఎండుమిరపకాయ పైకి ఎర్రగా నిగనిగలాడినా, తుంచి చూస్తే గింజల చుట్టూ బూడిదరంగు బూజు ఉండొచ్చు. కారంగా మారాక ఆ ఆనవాలు దొరకదు. అందుకే కాయలు కొని, తుంచి చూసి, గలగలమనేలా ఎండబెట్టి పట్టించుకోవడం మేలు. పిండి ఉండకట్టి ముక్కవాసన వేస్తే జల్లెడ పట్టి లాభం లేదు, డబ్బా మొత్తం ఖాళీ చేయాల్సిందే.

అలాగని పారేసేది గేదె కుడితిలో కలపకూడదు. ఆఫ్లాటాక్సిన్ అక్కడ రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. ఆ పాలు మరిగించినా అది పోదు.