సప్పుడు బంద్ పెట్టి చూసినా సమజ్ కావాలె

మొన్న పత్తిల తెల్లదోమకు వేపనూనె కొట్టే వీడియో పెట్టిన. లీటరు నీళ్లకు 5 మి.లీ. అని నోటితోని చెప్పిన గానీ, తెర మీద "వేపనూనె 5 మి.లీ." అని మాత్రమే రాసిన. ఆదిలాబాద్ దోస్తు బస్సుల సప్పుడు బంద్ పెట్టి చూసిండు. 16 లీటర్ల పంపుకు 5 మి.లీ.నే పోసిండు. దోమ పోలే. తప్పు నాదే.

మళ్లా రెండు వరుసలల్ల రాసిన:

"వేపనూనె 1500 పీపీఎం: లీటరు నీళ్లకు 5 మి.లీ.
16 లీటర్ల పంపుకు 80 మి.లీ."

తెల్లటి పత్తి మీద తెల్ల అక్షరాలు కనవడవు, అందుకే ఎనుక నల్లపట్టీ ఏసిన. అడుగున రాస్తే పేరు, బటన్లు కప్పేస్తయని నడుమకు జరిపిన. మెల్లగ రెండుసార్లు చదివేదాక ఉంచిన.

ఇప్పుడు పోస్టు చేసే ముందు సప్పుడు లేకుంట మా ఇంటామెకు చూపిస్తున్న. పంపుకు ఎంత పోయాలెనో ఆమె చెప్తేనే పెడుతున్న.