మూడు వారాలకొకటి

మా కోయ మాటల గురించి నేనొక్కడినే బ్లాగు రాస్తాను. పిల్లలు వారానికొకటి పెట్టమంటారు. నేను ముందు గంటలు లెక్కపెట్టాను. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వినడానికి రెండు, రాయడానికి మూడు, రాసింది వాళ్లకు చదివి సరిచూసుకోవడానికి ఒకటి. మొత్తం ఆరు. బడి, ఇల్లు పోను వారానికి నాకు మిగిలేవి మూడు. అంటే రెండు వారాలకొకటి, అదీ జ్వరం రాకపోతే. అందుకే మూడు వారాలకొకటి అనుకున్నాను.

అలా మిగిలిన గంటల్లో మూడు వ్యాసాలు ముందే రాసి, తేదీ పెట్టి దాచుకుంటాను. ఆ రోజున అవి వాటంతటవే బయటికొస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో పరీక్షలూ ఇప్పపువ్వు ఏరడమూ ఒకేసారి వస్తాయి. అవ్వలు తెల్లారకముందే చెట్ల కింద ఉంటారు, నా ముందు దిద్దాల్సిన పేపర్లుంటాయి. ఆ తొమ్మిది వారాలకు ఆ మూడూ సరిపోతాయి.

నిల్వ ఒకటికి దిగితే రాత్రిళ్లు మేలుకొని నింపను, గడువును నెలకు పెంచుతాను. చదివేవాళ్లు ఒక వారం ఆగగలరు. అలసట ముదిరిందని నాకు చెప్పే గుర్తు ఒకటే: అవ్వకు చదివి వినిపించే ఆ చివరి గంట ఎగ్గొట్టాలనిపిస్తుంది. ఆ గంట పోతే తప్పు మాటే పిల్లల నోటికి ఎక్కుతుంది.